డాలరుకూ ఒక డివిడెండ్ ఉంది

భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక వ్యాపారిని ఊహించుకుందాం. ఆరు నెలల తర్వాత అమెరికా నుంచి ఆయనకు లక్ష డాలర్లు రావాలి. ఇవాళ డాలరు 84 రూపాయలుంది. రైతుకు కట్టాల్సింది, ఐసుకూ కూలీలకూ కరెంటుకూ పెట్టాల్సింది అంతా రూపాయల్లోనే. డాలరు పడిపోతే సరుకు మీద మిగిలే లాభం అక్కడే కరిగిపోతుంది. అందుకని ఆయన బ్యాంకును ఒక హక్కు అడుగుతాడు: ఆరు నెలల తర్వాత డాలరు ఎంతకు దిగినా సరే, నా లక్ష డాలర్లను 85 రూపాయల చొప్పున మీకు అమ్మే హక్కు కావాలి. డాలరు 85 దాటితే బయటే అమ్ముకుంటాను, మీ హక్కు నాకు అక్కర్లేదు. ఇలాంటి అమ్మకపు హక్కును పుట్ ఆప్షన్ అంటారు. కొనే హక్కయితే కాల్ ఆప్షన్. ముందే ఖాయం చేసుకున్న 85 రూపాయలు స్ట్రైక్ ధర. హక్కు కోసం ఇప్పుడే కట్టే సొమ్ము ప్రీమియం.

బ్యాంకు డాలరుకు రూపాయి అడిగింది. లక్ష డాలర్లకు లక్ష రూపాయలు. వ్యాపారి ఇంట్లో షేర్ మార్కెట్ తెలిసిన కుర్రాడొకడు ఉన్నాడు. షేర్ల ఆప్షన్లకు వాడే కాలిక్యులేటర్‌లో అవే అంకెలు వేసి చూశాడు: షేరు ధర ఉండాల్సిన చోట 84, స్ట్రైక్ 85, గడువు అర్ధ సంవత్సరం, రూపాయి వడ్డీ ఏడాదికి 6.5 శాతం, డాలరు ఏడాదిలో హెచ్చుతగ్గులయ్యే తీరు అంటే వాలటిలిటీ 4 శాతం. వచ్చిన జవాబు 32 పైసలు. బ్యాంకు మూడింతలు లాగుతోందని ఇంట్లో అందరికీ అనుమానం వచ్చింది.

ఈ అంకెలన్నీ లెక్క కోసం నేను పెట్టుకున్నవే. బ్యాంకు తన లాభాన్ని కలపకుండా చెప్పిందనీ అనుకుందాం. అయినా బ్యాంకు లెక్కే సరైనది. కుర్రాడు వాడిన సూత్రంలోనూ తప్పు లేదు. అందులో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. అది డాలరు మీద వచ్చే వడ్డీ గడి. షేర్ల భాషలో దాని పేరు డివిడెండ్ రాబడి.

షేర్ల సంగతి నుంచే మొదలుపెడదాం. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించిన ప్రసిద్ధ సూత్రం డివిడెండ్ ఇవ్వని షేరు కోసం రాసింది. అదే ఏడాది రాబర్ట్ మెర్టన్ డివిడెండ్‌ను కూడా అందులోకి తెచ్చాడు. డివిడెండ్ వస్తే ఏం మారుతుంది? పాడిగేదెను ఆరు నెలల తర్వాత ఫలానా ధరకు కొనుక్కునే హక్కు మీకుందనుకోండి. ఈ ఆరు నెలల పాలు మీకు రావు, గేదె ఎవరి కొట్టంలో ఉందో వాళ్లకే. మీ చేతికి వచ్చేది ఆరు నెలలు పాలు పితికేసిన గేదె. కాబట్టి ఇవాళ్టి గేదె ధరలోంచి ఆ పాల విలువను తీసేసి, మిగిలినదాని మీదే హక్కుకు వెల కట్టాలి. షేరు విషయంలోనూ అంతే. కాల్ ఆప్షన్ ఉన్నవాడికి డివిడెండ్ రాదు, షేరు ఉన్నవాడికే వస్తుంది. డివిడెండ్ ఏడాది పొడవునా చుక్కచుక్కగా, ఆగకుండా కారుతూ ఉంటుందని అనుకుంటే లెక్క చాలా తేలికవుతుంది. ఇవాళ్టి షేరు ధరను ఆ రాబడి మేరకు తగ్గించి, ఆ తగ్గిన ధరనే సూత్రంలో వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు షేరు స్థానంలో డాలరును పెట్టండి. డాలర్లున్న వాడెవడూ వాటిని బీరువాలో దాచడు. డిపాజిట్‌లోనో, అమెరికా ప్రభుత్వ స్వల్పకాలిక బిల్లుల్లోనో పెడతాడు. అక్కడ వడ్డీ రోజురోజుకూ చేరుతుంది, అదీ డాలర్లలోనే. ఏడాదికి 4.5 శాతం వడ్డీ నిరంతరం చేరుతూ ఉంటే, ఆరు నెలల తర్వాత ఒక డాలరు చేతిలో ఉండాలంటే ఇవాళ ఒక డాలరు కొననక్కర్లేదు, 0.9778 డాలరు కొంటే చాలు. దాని వెల 84 రూపాయలు కాదు, 82 రూపాయల 13 పైసలు. గడువు రోజున అందే డాలరుకు ఇవాళ్టి అసలు ధర అదే. షేర్ల డివిడెండ్ కంపెనీ బోర్డు నిర్ణయించినప్పుడు, ఏడాదికి ఒకటి రెండు సార్లు విడతలుగా పడుతుంది. అందుకే షేర్లకు నిరంతర రాబడి అనేది ఒక సర్దుబాటు మాత్రమే. డాలరు వడ్డీ మాత్రం నిజంగానే రోజూ చేరుతుంది. మెర్టన్ షేర్ల కోసం చేసిన ఊహ షేర్ల కంటే కరెన్సీకే బాగా అతికింది.

ఈ పోలికను పట్టుకుని కరెన్సీ ఆప్షన్ల సూత్రాన్ని 1983లో రాసింది మార్క్ గార్మన్, స్టీవెన్ కోల్‌హాగెన్. ఫిలడెల్ఫియా స్టాక్ ఎక్స్ఛేంజ్ కరెన్సీ ఆప్షన్ల వ్యాపారం మొదలుపెట్టింది అంతకు ముందే, 1982 చివర్లో. సరిగ్గా వెల కట్టే పద్ధతి అవసరమైన సమయమది. ఆ సూత్రం ఇదీ:

```
C = S·e^(-qT)·N(d1) - K·e^(-rT)·N(d2)
P = K·e^(-rT)·N(-d2) - S·e^(-qT)·N(-d1)
d1 = [ln(S/K) + (r - q + σ²/2)·T] / (σ·√T)
d2 = d1 - σ·√T
```

ఇందులో C కాల్ ధర, P పుట్ ధర. S ఇవాళ్టి మారకపు ధర, K స్ట్రైక్, T ఏళ్లలో గడువు, r మన రూపాయి వడ్డీ, q డాలరు వడ్డీ, σ వాలటిలిటీ. N అనేది గంట ఆకారపు వక్రరేఖ కింద ఎంత భాగం పడుతుందో చెప్పే పట్టిక. షేర్ల సూత్రానికీ దీనికీ తేడా q ఒక్కటే. q గడిలో సున్నా వేస్తే ఇది డివిడెండ్ లేని షేరు సూత్రమైపోతుంది. మన కుర్రాడి కాలిక్యులేటర్ చేసింది సరిగ్గా అదే.

సూత్రం చూస్తే q ఎందుకు అంత ముఖ్యమో తెలియదు. హక్కును అమ్మిన బ్యాంకు ఆ రోజు నుంచి ఏం చేస్తుందో చూస్తే తెలుస్తుంది. డాలరు పడితే బ్యాంకు నష్టపోతుంది, ఎందుకంటే చవకైపోయిన డాలర్లను 85 చొప్పున కొనాలి. ఆ నష్టాన్ని పూడ్చుకోవాలంటే డాలరు పడినప్పుడు లాభం వచ్చే ఏర్పాటు ఒకటి పక్కన ఉండాలి. అందుకోసం బ్యాంకు డాలర్లు అప్పు తెచ్చి ఇవాళే అమ్మేస్తుంది. ఎన్ని అమ్మాలో సూత్రమే చెబుతుంది. మన అంకెలతో లక్షకు 50,865 డాలర్లు. దీన్ని డెల్టా అంటారు. వాటిని 84 చొప్పున అమ్మితే 42,72,660 రూపాయలు వస్తాయి. వ్యాపారి కట్టిన ప్రీమియం దాదాపు లక్ష దానికి కలుస్తుంది. మొత్తం సుమారు 43,73,000 రూపాయలను బ్యాంకు 6.5 శాతానికి పెట్టుకుంటుంది. మరోపక్క తెచ్చిన డాలర్ల మీద 4.5 శాతం వడ్డీ కడుతూ ఉంటుంది. డాలరు కదిలినప్పుడల్లా అప్పును కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ గడువు దాకా లాక్కొస్తుంది. సూత్రంలో ఊహించినట్టే అన్నీ జరిగితే, చివర్లో వ్యాపారికి ఇవ్వాల్సిన దానికి సరిగ్గా సరిపోయే మొత్తం బ్యాంకు చేతిలో ఉంటుంది. పుట్ ధర అంటే ఈ ఏర్పాటు మొదలుపెట్టడానికి ఇవాళ కావాల్సిన పెట్టుబడే.

ఇప్పుడు 32 పైసల అర్థం తేలిపోతుంది. q గడిలో సున్నా వేయడమంటే, బ్యాంకుకు డాలర్లు వడ్డీ లేకుండా అప్పు దొరుకుతున్నాయని నమ్మడం. అప్పు డాలర్ల మీద ఏమీ కట్టనక్కర్లేకుండా రూపాయల మీద 6.5 శాతం సంపాదించే బ్యాంకు పుట్‌ను చవగ్గానే ఇవ్వగలదు. అలాంటి బ్యాంకు లోకంలో లేదు. కాల్ విషయంలో తప్పు అటుదిటు అవుతుంది. కాల్ అమ్మినవాళ్లు డాలర్లు కొని పెట్టుకోవాలి, వాటి మీద వడ్డీ వాళ్లకే వస్తుంది, కాబట్టి కాల్ ధర తగ్గాలి. అదే 85 స్ట్రైక్‌కు సరైన కాల్ ధర 85 పైసలు. q మరిచిపోతే 2 రూపాయల 4 పైసలు వస్తుంది.

తప్పు ధరలకు అమ్మడానికీ కొనడానికీ ఎవరైనా నిజంగా సిద్ధపడితే ఏమవుతుంది? అవతలివాడు డాలరుకు ఒక కాల్‌ను 2.04కు వాళ్లకు అమ్ముతాడు, ఒక పుట్‌ను 0.32కు వాళ్ల దగ్గరే కొంటాడు. చేతికి 1.72 వచ్చింది. 82.13 పెట్టి 0.9778 డాలరు కొని డిపాజిట్‌లో వేస్తాడు. తక్కువ పడిన 80.41 రూపాయలను 6.5 శాతానికి అప్పు తెస్తాడు. ఆరు నెలలకు డిపాజిట్ సరిగ్గా ఒక డాలరవుతుంది. డాలరు 85 పైన ఉంటే కాల్ కొన్నవాళ్లు వచ్చి దాన్ని 85కు పట్టుకుపోతారు. కింద ఉంటే అతనే పుట్ వాడి 85కు అమ్ముతాడు. ఎటు తిరిగినా చేతికి 85. అప్పు వడ్డీతో 83.07 అయింది. మిగిలింది 1.93. డాలరు ఎటు పోతుందో అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చాలామంది q ను డాలరు భవిష్యత్తు మీద జోస్యంగా అనుకుంటారు. అందులో జోస్యం ఏమీ లేదని ఈ లెక్కే రుజువు. డాలరు పట్టుకున్నవాడికి వడ్డీ వస్తుంది, హక్కు మాత్రమే ఉన్నవాడికి రాదు. q చెప్పేది అంతే.

రెండు వడ్డీల తేడా నుంచే ఫార్వర్డ్ ధర పుడుతుంది. ఆరు నెలల తర్వాత ఇచ్చిపుచ్చుకునేలా ఇవాళే ఖాయం చేసే ధర అది. రూపాయి వడ్డీ 6.5, డాలరు వడ్డీ 4.5 అయితే 84 రూపాయల డాలరుకు ఆరు నెలల ఫార్వర్డ్ 84.84. ఇది తెలిస్తే మన పుట్ ధర మరింత సులువుగా కనిపిస్తుంది. 85కు అమ్మే హక్కు, 84.84కు ఎలాగూ అమ్ముకోగలిగే ఒప్పందం కంటే 16 పైసలు మెరుగు. దాని ఇవాళ్టి విలువ 15 పైసలు. మిగిలిన 85 పైసలు అనిశ్చితికి కట్టే వెల. అది సరిగ్గా కాల్ ధరతో సమానం, కావాలి కూడా. ఒకే స్ట్రైక్ దగ్గర పుట్, కాల్ ధరల తేడా ఎప్పుడూ ఫార్వర్డ్‌కూ స్ట్రైక్‌కూ మధ్య ఉన్న దూరపు ఇవాళ్టి విలువే.

ఇదే ఆప్షన్‌ను న్యూయార్క్ నుంచి చూస్తే ఇంకో ముచ్చట కనిపిస్తుంది. 85 చొప్పున డాలర్లు అమ్మే హక్కంటే, డాలర్లు ఇచ్చి రూపాయలు కొనే హక్కే. అక్కడివాళ్లకు రూపాయే షేరు, 6.5 శాతమే డివిడెండ్, 4.5 శాతం సొంత వడ్డీ. సూత్రంలో రెండు వడ్డీలను తారుమారు చేసి, మారకపు ధరను తలకిందులు చేసి లెక్కగడితే అదే విలువ డాలర్లలో వస్తుంది. షేరుకూ డబ్బుకూ మధ్య ఈ అద్దం ఉండదు. రెండు కరెన్సీల మధ్య ఉంటుంది. ఈ సూత్రంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

రూపాయి విషయంలో q ను మరిచిపోవడం ఇంత ఖరీదైన తప్పు కావడానికి ప్రత్యేక కారణం ఉంది. డాలరుతో రూపాయి హెచ్చుతగ్గులు సాధారణ రోజుల్లో చాలా తక్కువ. రిజర్వ్ బ్యాంకు మార్కెట్‌లో దిగి డాలర్లు కొంటూ, అమ్ముతూ ఊపును తగ్గిస్తుంటుంది. ఒడుదొడుకులు తక్కువైనప్పుడు ధరలో వడ్డీల వాటా పెద్దదవుతుంది. మన ఉదాహరణలో వాలటిలిటీ 4 నుంచి 5 శాతానికి పెరిగితే పుట్ సుమారు 23 పైసలు పెరుగుతుంది. డాలరు వడ్డీ ఒక్క శాతం పెరిగితే సుమారు 23 పైసలు పెరుగుతుంది. రెండూ దాదాపు సమానమే. బాగా ఎగిరిపడే షేర్ల ఆప్షన్లలో డివిడెండ్ చిన్న సవరణగా మిగిలిపోతుంది. ఇక్కడ అది వాలటిలిటీతో భుజం కలిపి నిలబడుతుంది.

మరి q గడిలో ఏ అంకె వేయాలి? అసలు కష్టం ఇక్కడే ఉంది. అమెరికా పత్రికల్లో కనిపించే డాలరు వడ్డీ తీసుకుని వేసేస్తే చాలనిపిస్తుంది. కానీ సూత్రం అడిగేది ఈ లావాదేవీ నడిపే బ్యాంకు నిజంగా ఏ వడ్డీకి డాలర్లు తెచ్చుకోగలదో, పెట్టుకోగలదో ఆ అంకె. మన దేశంలోకి డాలర్లు రావడానికీ పోవడానికీ నియమాలున్నాయి. ముంబైలో డాలర్ల కొరత ఉన్నప్పుడు, లేదా ఎగుమతిదారులందరూ ఒకేసారి ఫార్వర్డ్ అమ్మకాలకు దిగినప్పుడు, ఫార్వర్డ్ ధర వడ్డీల తేడా చెప్పిన చోట నిలవదు. కాబట్టి అనుభవం ఉన్న డీలర్లు వెనక నుంచి లెక్క మొదలుపెడతారు. మార్కెట్‌లో ఫార్వర్డ్ ఎంత పలుకుతోందో చూసి, అందులోంచి q ను బయటికి తీస్తారు:

```
q = r - ln(F/S) / T
```

మన ఉదాహరణలో ఫార్వర్డ్ 84.84 కాకుండా 84.50 పలుకుతోందనుకుందాం. అప్పుడు q 4.5 శాతం కాదు, 5.31 శాతం. పుట్ ధర రూపాయి నుంచి రూపాయి 19 పైసలకు పోతుంది. లక్ష డాలర్లకు 18 వేల రూపాయల పైచిలుకు తేడా. కాల్ 85 పైసల నుంచి 70కి దిగుతుంది. పత్రికలో చూసిన వడ్డీని నమ్మి పుట్ అమ్మినవాడు, ఆ రోజు తన హెడ్జ్ కోసం ఫార్వర్డ్ అమ్మబోతేనే నష్టం తెలుసుకుంటాడు.

చిన్న విషయమే కానీ చాలామంది జారిపడే చోటు ఇంకొకటుంది. డాలరు వడ్డీని ఏడాదికి 360 రోజుల లెక్కన, రూపాయి వడ్డీని 365 రోజుల లెక్కన చెబుతారు. రెండూ సాధారణ వడ్డీలు. సూత్రం కోరేది నిరంతరం చేరే వడ్డీ. 182 రోజులకు 4.5 శాతం అన్న డాలరు వడ్డీని మార్చి చూస్తే 4.51 శాతం వస్తుంది. ఈ గడువుకు తేడా పైసలో కొంత భాగమే. ఏడాది, రెండేళ్ల ఆప్షన్లకు, పెద్ద మొత్తాలకు మాత్రం మార్చి తీరాలి.

వడ్డీలను ఎంత సరిగ్గా వేసినా ఈ సూత్రం చూడలేని సంగతులున్నాయి. మారకపు ధర ఎప్పుడూ చిన్నచిన్న అడుగులే వేస్తుందని, గడువు మొత్తం ఒకే వాలటిలిటీ ఉంటుందని అది నమ్ముతుంది. కేంద్ర బ్యాంకు ఒక గీత దగ్గర కాపలా కాస్తున్నప్పుడు హెచ్చుతగ్గులు చాలా కాలం అణిగి ఉంటాయి, కాపలా తీసేసిన క్షణాన ఒక్కసారిగా బద్దలవుతాయి. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస ధరను కాపాడటం మానేసింది. నిమిషాల్లో ఫ్రాంకు విపరీతంగా ఎగిరింది. అంతకు ముందు రోజు వరకున్న ప్రశాంతమైన వాలటిలిటీతో ఆప్షన్లు అమ్మినవాళ్లకు తమ హెడ్జ్ సరిచేసుకునే వ్యవధే దొరకలేదు. ఈ భయం వల్లే డీలర్లు ఇవాళ్టి ధరకు దూరంగా ఉన్న స్ట్రైక్‌లకు వేరే వాలటిలిటీ వాడతారు. రూపాయి విషయంలో డాలరు పెరిగే వైపు స్ట్రైక్‌లకు సాధారణంగా ఎక్కువే వేస్తారు, ఎందుకంటే 2013 వేసవిలోలా రూపాయి హఠాత్తుగా కిందికి జారడాన్నే మార్కెట్ ఎక్కువ భయంతో చూస్తుంది.

గడువు లోపు ఎప్పుడైనా వాడుకోగల అమెరికన్ తరహా హక్కులకు ఈ సూత్రం నేరుగా పనికిరాదు. డివిడెండ్ లేని షేరు మీద కాల్‌ను ముందే వాడటంలో లాభం లేదు. విదేశీ వడ్డీ ఎక్కువున్న కరెన్సీ మీద కాల్‌ను మాత్రం ముందే వాడుకుని, ఆ కరెన్సీని చేతికి తీసుకుని వడ్డీ సంపాదించడం మేలు కావచ్చు. అలాంటివాటికి అంచెలంచెలుగా లెక్కగట్టే వేరే పద్ధతులున్నాయి. మన ఎక్స్ఛేంజీల్లో 2010 అక్టోబరులో మొదలైన డాలరు-రూపాయి ఆప్షన్లు గడువు రోజునే వాడుకోగల యూరోపియన్ తరహావి, కాబట్టి గార్మన్-కోల్‌హాగెన్ సూత్రం వాటికి సూటిగా వర్తిస్తుంది.

భీమవరం వ్యాపారికి N పట్టికలు అక్కర్లేదు. బ్యాంకును ఒకే స్ట్రైక్‌కు, ఒకే గడువుకు పుట్ ధర, కాల్ ధర, ఫార్వర్డ్ ధర మూడూ ఒకే సమయంలో చెప్పమంటే చాలు. పుట్‌లోంచి కాల్‌ను తీసేస్తే వచ్చేదీ, స్ట్రైక్‌లోంచి ఫార్వర్డ్‌ను తీసేసి ఆరు నెలల రూపాయి వడ్డీ మేరకు తగ్గిస్తే వచ్చేదీ దగ్గరదగ్గరగా ఉండాలి. మన అంకెలతో రెండూ 15 పైసలు. బ్యాంకు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా వల్ల కొన్ని పైసలు అటూ ఇటూ కావచ్చు. అంతకు మించి దూరముంటే వడ్డీలను ఎక్కడో తప్పుగా వేశారన్నమాట, లేదా బ్యాంకు తన వాటాను అందులో కలిపిందన్నమాట. ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలుసుకోవాలంటే ఇంకో బ్యాంకు నుంచి ఫార్వర్డ్ ధర ఒక్కటి తెచ్చుకుని పోల్చి చూడాలి.